కుక్కరు మింగేసిన అక్షరం

ఇరవై ఒకటో రోజు బారసాలకి ఇరవై మూడో రోజున వెళ్లిన మనిషిని చూశారా? (చెయ్యెత్తి) నేనే. అదీ మూడు కిలోల బియ్యం పులిహోరతో.

మాది పాతపట్నం. కోడలిగా వచ్చింది పర్లాకిమిడి. పట్టుమని పావుగంట ప్రయాణం లేదు, భాష మాత్రం మారిపోద్ది. ఆరేళ్లయినా నా ఒడియా కూరగాయల బజారు దాటలేదు. వంకాయలు బేరమాడగలను. బేరం తెగాక మౌనవ్రతమే.

ఒడియాలో 'కాలి' అని ఓ మాటుంది. నిన్నకీ అదే, రేపటికీ అదే! ఏది ఏదో వెనకాల వచ్చే మాటే చెప్పాలి. 'కాలి హెబ' అంటే రేపు అవుద్ది. 'కాలి హెలా' అంటే నిన్న అయిపోయింది. తేడా ఆ చివరి అక్షరమే.

మా వెనక వీధి ఒడియా వాళ్లింట్లో మనవడికి ఏకోయిశియా. ఇరవై ఒకటో రోజు పేరు పెట్టి భోజనాలు పెడతారు. పిలుపు మా అత్తకి చెప్పారు. అత్త ఊరెళ్తూ నాకు చెప్పడం మరిచిపోయింది. ఆ ఇంటి కోడలు ఫోన్ చేసింది. నేను పొయ్యి దగ్గరున్నాను.

"ఏకోయిశియా కాలి హె..."

కుయ్‌య్‌య్! మూడో కూత. పప్పు ఉడికింది, నేను మునిగాను.

"తప్పకుండా వస్తాను! పులిహోర తెస్తాను!" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. పాపం, ఆనందంతో నోట మాట రాలేదనుకున్నాను.

తెల్లారి నాలుక్కే లేచాను. చింతపండు నాలుగొందల గ్రాములు, నూనె అర లీటరు, పల్లీలు పావు కిలో. వేడన్నంలో పులుసు కలిపితే ముద్దయిపోద్దని పళ్లేల్లో ఆరబోశాను. పట్టుచీర కట్టాను. గుండిగ నడుముకెత్తుకుని బయల్దేరాను.

గుమ్మం దగ్గర షామియానా కుర్రాళ్లు తాళ్లు విప్పుతున్నారు. ఇంత తొందరగా కడుతున్నారే అనుకున్నాను. అవును, విప్పడం చూస్తూనే కడుతున్నారనుకున్నాను. లోపల పిల్లాడి తండ్రి లుంగీలో ఆవలిస్తున్నాడు. నా చీర చూశాడు, గుండిగ చూశాడు, క్యాలెండర్ చూశాడు.

పిల్లాడికి పేరు కూడా పెట్టేశారు. పుట్టి ఇరవై మూడు రోజులైనవాడికి తెలిసిన తారీఖు నాకు తెలీలేదు.

వాళ్లు మంచోళ్లు. నవ్వకుండా కూర్చోబెట్టారు. షామియానా కుర్రాళ్లతో సహా అందరికీ వడ్డించాను. ముసలమ్మ రెండుసార్లు పెట్టించుకుని, వేళ్లు నాకి, "బోహూ, మళ్లీ ఎప్పుడు తెస్తావు?" అంది.

(గుండిగ ఎత్తుకుంటూ)

"కాలి" అన్నాను. వెనకాల మాట చెప్పకుండా వచ్చేశాను.