రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్ | చిన్న వ్యాపారాలకు పార్ట్‌టైమ్ ఆర్థిక సలహాదారు | విజయవాడ

ప్రభుత్వ రంగ బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, బ్రాంచ్ మేనేజర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం గుంటూరు, తెనాలి, విజయవాడల్లో చిన్న వ్యాపారాల లోన్లు చూశాను: రైస్ మిల్లులు, ఆటోనగర్ వర్క్‌షాపులు, మందుల షాపులు, పచ్చళ్ల యూనిట్లు.

మంచి అమ్మకాలున్న వ్యాపారాలు కూడా చేతిలో డబ్బు ఆడక ఇబ్బంది పడటం చాలాసార్లు చూశాను. సరుకు కొనుగోలు వంటి రోజువారీ అవసరాలకు బ్యాంకు ఇచ్చే సీసీ, అంటే క్యాష్ క్రెడిట్ లిమిట్ డబ్బుతో మెషిన్ కొంటారు; ఆ నెల నుంచే సరుకు కొనడానికి టెన్షన్ మొదలవుతుంది. మెషిన్‌కు టర్మ్ లోన్, సరుకుకు సీసీ అని ముందే విడదీస్తే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది. నేను మొదట చూసేది ఇదే.

ముద్ర లోన్, తాకట్టు లేని లోన్లకు దొరికే సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ప్రాజెక్ట్ రిపోర్ట్, స్టాక్ స్టేట్‌మెంట్ వంటి పనుల్లో సాయం చేస్తాను. వాయిదా కట్టకుండా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. అంతదాకా రాకముందే బ్యాంకుతో ఏం మాట్లాడాలో చెబుతాను. కొనుగోలుదారులు 45 రోజులు దాటినా డబ్బివ్వకపోతే, సూక్ష్మ, చిన్న సంస్థలకు చట్టంలో ఉన్న రక్షణను ఎలా వాడుకోవాలో వివరిస్తాను.

లోన్ ఇప్పిస్తానని మాట ఇవ్వను, కమీషన్ తీసుకోను. ముందే మాట్లాడుకున్న ఫీజు మాత్రమే. మీకు అప్పు అవసరం లేదనిపిస్తే ఆ మాటే చెబుతాను.

వారంలో మూడు రోజులు, ఉదయం 10 నుంచి 1 వరకు అందుబాటులో ఉంటాను. విజయవాడ, గుంటూరు వాళ్ల దగ్గరికి నేనే వస్తాను. మిగతావారితో వీడియో కాల్‌లో, తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. మొదటిసారి మాట్లాడేటప్పుడు ఏడాది బ్యాంక్ స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు దగ్గర పెట్టుకోండి.