రాయల మీద కేసు: పర్లాకిమిడి తొమ్మిదో తరగతి మాక్ ట్రయల్

(మూడు బెంచీలు. జడ్జి భుజాల మీద పాత గొడుగు గుడ్డ. డస్టరే సుత్తి.)

బంట్రోతు: సైలెన్స్! శ్రీకృష్ణదేవరాయలు, పాలన 1509 నుంచి 1529. ‘మహా’ అనే బిరుదుకు తగినవాడేనా?

ప్రాసిక్యూటర్: యువరానర్, మనమున్నది ఒడిశాను ఏలిన గజపతుల గడ్డ. ఈయన 1514లో వాళ్ల ఉదయగిరి కోట పట్టాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి పట్టుకుపోయాడు.

డిఫెన్స్: అబ్జెక్షన్! పట్టుకుపోయి అటకెక్కించలేదు. 1515లో గుడిలో ప్రతిష్ఠించాడు.

ప్రాసిక్యూటర్: మా ఆవును తోలుకెళ్లి, మెడలో వెండి గంట కట్టానంటే ఊరుకుంటామా?

(నవ్వులు. జడ్జి డస్టర్ కొట్టాలి, సుద్దపొడికి తుమ్మాలి.)

డిఫెన్స్: సింహాచలం చూడండి. 1516 నాటి శాసనం అక్కడే ఉంది, అప్పన్నకు నగలిచ్చాడు. సంధి కుదిరాక కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను గజపతి రాజు ప్రతాపరుద్రుడికి తిరిగిచ్చేశాడు. ఆయన కూతుర్ని పెళ్లాడాడు.

ప్రాసిక్యూటర్: ఆ పిల్లను ఎవరైనా అడిగారా?

(డిఫెన్స్ కాగితాలు తిరగేయాలి. జవాబు నిజంగానే లేదు, తొందరపడొద్దు.)

డిఫెన్స్: లేదు యువరానర్. కానీ ఆ లెక్కన ఆనాటి రాజులందరూ బోనెక్కాలి.

జడ్జి: ‘మహా’ అనేవాళ్లు కుడివైపు, కాదనేవాళ్లు ఎడమవైపు నిలబడండి. మా తాత గజపతుల పక్షం, అమ్మమ్మ రాయల పక్షం. నేను మాత్రం కుర్చీ దిగను.