మామా, ఆవుల డబ్బు గురించి

మామా,

నీ మెయిల్ ఆదివారమే చూశాను. పెద్దోడి చేత టైపు చేయించినట్టున్నావు, నన్ను పట్టుకుని ‘గౌరవనీయులైన’ అని మొదలుపెడితే నవ్వొచ్చింది, ఆవులు కొనడానికి మూడున్నర లక్షలు అప్పు కావాలన్న చోటికి వచ్చాక ఆగిపోయింది. నాలుగు రోజులు ఆలోచించాను. ఫోన్ చేద్దామంటే నీ గొంతు వినగానే ‘సరే మామా’ అనేస్తానని భయం, అందుకే రాస్తున్నాను.

ఆ డబ్బు నేను ఇవ్వలేను మామా.

లేదని అబద్ధం చెప్పను. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటుంది, అది నీకూ తెలుసు, పోయిన సంక్రాంతికి అమ్మే నీ ముందు చెప్పేసింది కదా. అందులో రెండు లక్షల ఎనభై వేలున్నాయి. జూన్‌లో మా పాప ఇంటర్ ఫీజు కట్టాలి, అమ్మ మోకాలి ఆపరేషన్ ఇక వాయిదా వేయొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఇంటి లోన్ కంతు పోగా జీతంలో మిగిలేది నెల గడవడానికే సరిపోతోంది. నీకిస్తే ఈ రెండిట్లో ఒకటి ఆపాలి, లేదా నేను ఇంకొకరి దగ్గర చెయ్యి చాపాలి.

ఇవి లేకపోయినా ఇచ్చేదాన్ని కాదేమో, అదీ చెప్పేస్తాను. మా ఆయన వైపు ఒకరికి అరవై వేలు ఇచ్చి మూడేళ్ళయింది. డబ్బు పోయిందని కాదు, పెళ్ళిళ్ళలో కనబడితే వాళ్ళు పక్కకు తిరుగుతారు, నేను చూడనట్టు వెళ్ళిపోతాను. రేపు నీ ఆవు పాలు తగ్గిస్తే నాకు ఫోన్ చేయడానికి నువ్వు వెనకాడతావు, నువ్వు చేయకపోతే నేను ఇంకేదో అనుకుంటాను. నేను పద్మావతిలో చదివేటప్పుడు పలమనేరు నుంచి బస్సులో బియ్యం మూట, వేరుశనక్కాయలు నెత్తిన పెట్టుకుని హాస్టల్ గేటు దగ్గరికి వచ్చినవాడివి నువ్వు. నువ్వు నన్ను తప్పించుకుని తిరిగే రోజు నాకొద్దు. రూపాయి వడ్డీ ఇస్తానని రాశావు చూడు, అది మాత్రం కష్టంగా అనిపించింది. నీ దగ్గర నేను వడ్డీ తీసుకుంటానా?

నా భయం ఇంకొకటి ఉంది. నేను కాదన్నానని ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకి తెచ్చేస్తావని. మూడున్నర లక్షలకు నెలకు పదివేల ఐదొందలు వడ్డీకే పోతుంది, దాణా ఖర్చు, డాక్టర్ ఖర్చు వేరే. దయచేసి ఆ పని చేయొద్దు.

మా ఆఫీసులో ఒకాయనకు పుంగనూరు దగ్గర డెయిరీ ఉంది, ఆయన్ని అడిగాను. ఆవులు కొనడానికి బ్యాంకులో టర్మ్ లోన్ వేరేగా ఇస్తారట. దాణాకూ మందులకూ కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది, పాడికి కూడా ఇస్తారు, రెండు లక్షల దాకా ఏడు శాతం వడ్డీ, గడువులోగా కడితే అది నాలుగు శాతానికి దిగుతుంది. రూపాయి వడ్డీ అంటేనే ఏడాదికి పన్నెండు శాతం మామా, నువ్వు నాకిస్తానన్న దానికంటే ఇదే తక్కువ! అత్త వాళ్ళ డ్వాక్రా గ్రూపులో కూడా ఒకసారి అడిగి చూడమను. ఒకేసారి నాలుగు కాకుండా ముందు రెండు ఆవులతో మొదలుపెడితే మంచిదని ఆయన అన్నాడు, పాల లెక్క నాకంటే నీకే బాగా తెలుసు కాబట్టి అందులో నేను వేలు పెట్టను.

నేను చేయగలిగింది రెండు. బ్యాంకుకు నీతో వస్తాను. రెండో శనివారం సెలవు కాబట్టి ముందు రోజు శుక్రవారం లీవు పెట్టి పొద్దున్నే పలమనేరులో దిగుతాను. పాస్‌బుక్, వన్ బీ, ఆధార్, ఫోటోలు తీసిపెట్టు, అప్లికేషన్ నేనే నింపుతాను, మేనేజర్‌తో నేనే మాట్లాడతాను, నువ్వు పక్కన కూర్చుంటే చాలు. రెండోది, ఆవులు వచ్చిన రోజు ఇన్సూరెన్స్‌కూ షెడ్డు రేకులకూ పదిహేను వేలు ఇస్తాను. అది అప్పు కాదు, తిరిగి ఇవ్వాలని చూశావో, మీ ఇంటికి రావడం మానేస్తాను.

అమ్మకు ఈ సంగతేమీ చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు, తమ్ముడికి ఇవ్వలేదని రాత్రంతా నిద్రపోదు. కోపం వస్తే నన్ను తిట్టు, ఫోన్ చేసి తిట్టు, ఊరికే మౌనంగా మాత్రం ఉండొద్దు. మే నెలలో గంగజాతరకు ప్రతి ఏడాదిలాగే అందరూ కొర్లగుంటకు వచ్చేయండి, అత్తను ముందే చీర మడత పెట్టుకోమని చెప్పు.

శుక్రవారం కుదురుతుందో లేదో పెద్దోడి చేత ఒక మెసేజ్ పెట్టించు, లీవు రాయాలి.

నీ పాప