ఫోన్ పెట్టెయ్ పెద్దమ్మా!

యానిమేషన్ స్క్రిప్ట్, సుమారు 9 నిమిషాలు

గొంతులు: స్వప్న (కథ చెప్పే అమ్మాయి), సులోచన పెద్దమ్మ (రిటైర్డ్ టీచరు, 67 ఏళ్లు, హనుమకొండ), మొగిలి తాత, రాజవ్వ (పరకాల దగ్గరి పల్లె), వినయ్ (స్వప్న తమ్ముడు), బ్యాంకు అమ్మాయి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 సిబ్బంది, ఫోన్ దొంగలు.

బొమ్మలు గీసేవారికి ఒక మాట: దొంగను గుబురు మీసాలతో, ఎర్రటి కళ్లతో గీయొద్దు. నీటుగా దువ్విన తల, చక్కగా ఇస్త్రీ చేసిన అంగీ ఉండాలి. గొంతు మర్యాదగా పలకాలి. మనవాళ్లు నమ్మింది ఆ మర్యాదనే. మోసపోయిన పెద్దవాళ్లను అమాయకులుగా, నవ్వొచ్చేలా ఎక్కడా చూపొద్దు.

దృశ్యం 1

(హనుమకొండలో ఒక ఇల్లు. గోడకు భద్రకాళి అమ్మవారి క్యాలెండర్. సులోచన ఒక్కతే చాయ్ తాగుతోంది. ఫోన్ మోగింది.)

దొంగ: నమస్తే మేడమ్. సులోచన గారేనా? కొరియర్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నా. మీ ఆధార్ మీద ముంబై నుంచి ఒక పార్సిల్ బుక్ అయింది. అందులో డ్రగ్స్ దొరికాయి.

సులోచన: నాకు ముంబైల ఎవ్వరూ లేరు నాయనా. నేనేం పంపలేదు.

దొంగ: అయితే మీ ఆధార్‌ను ఎవరో వాడుకున్నారు మేడమ్. భయపడకండి, పోలీసులకు కలుపుతా. వాళ్లే మీకు సాయం చేస్తారు.

(వీడియో కాల్. ఖాకీ బట్టల్లో ఒకడు. వెనకాల జెండా, బల్ల మీద ఫైళ్లు.)

రెండో దొంగ: ఇప్పటినుంచి మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు. కాల్ కట్ చెయ్యొద్దు. గదిలోంచి కదలొద్దు. ఎవరికైనా చెప్పారో, బెంగళూరులో ఉన్న మీ అబ్బాయి పేరు కూడా కేసులోకి వస్తుంది.

(సులోచన చేతిలో చాయ్ కప్పు వణుకుతుంది. బొమ్మ అక్కడే ఆగాలి. స్వప్న తెర మీదికి వస్తుంది.)

స్వప్న: ఈమె మా పెద్దమ్మ. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పింది. చదువు లేక భయపడలేదు. కొడుకు పేరు ఎత్తగానే ఏ తల్లికైనా కాళ్లు చేతులు ఆడవు.

నా మాట వినండి పెద్దమ్మా, పెద్దనాన్నా. మన దేశ చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. పోలీసులు గానీ, సీబీఐ గానీ, జడ్జి గానీ వీడియో కాల్‌లో ఎవరినీ అరెస్టు చెయ్యరు. 60 ఏళ్లు దాటిన మనిషిని సాక్షిగా ప్రశ్నించాలన్నా పోలీసులే ఇంటికి రావాలి. ఠాణాకు రమ్మని బలవంతపెట్టొద్దని చట్టంలోనే ఉంది. అలాంటిది, 67 ఏళ్ల ఆడమనిషిని గదిలో కూర్చోబెట్టి ఫోన్‌లో కాపలా కాసే పోలీసు ఎక్కడుంటాడు?

మీ పేరు, మీ ఆధార్ నంబరు వాడికెలా తెలిశాయని అడుగుతారేమో. సిమ్ కొన్నప్పుడో, లోన్ ఫామ్ నింపినప్పుడో ఇచ్చిన జిరాక్స్‌లు చాలా చేతులు మారతాయి. మీ వివరాలు చెప్పినంత మాత్రాన వాడు సర్కారు మనిషి అయిపోడు.

(బొమ్మ మళ్లీ కదులుతుంది.)

రెండో దొంగ: మీ ఖాతాలో డబ్బు మంచిదో కాదో పరిశీలించాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి మేమిచ్చే సర్కారు ఖాతాలో వెయ్యండి. సాయంత్రానికి తిరిగి వస్తుంది. బ్యాంకులో అడిగితే ఇంట్లో పెళ్లికని చెప్పండి. ఫోన్ ఆన్‌లోనే పెట్టి బ్యాగులో వేసుకోండి.

స్వప్న: ఇక్కడ ఆగండి. నిజమైన పోలీసు ఎవరైనా బ్యాంకులో అబద్ధం చెప్పమంటాడా? ఈ ఒక్క మాట చాలు, వాడు దొంగ అని తెలుసుకోవడానికి.

దృశ్యం 2

(హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక బ్యాంకు. సులోచన ముఖం వాడిపోయి ఉంది. మాటిమాటికీ బ్యాగు వైపు చూస్తోంది.)

బ్యాంకు అమ్మాయి: 18 లక్షల డిపాజిట్టు ఒకేసారి ఎందుకు తీస్తున్నరమ్మా?

సులోచన: ఇంట్ల... పెళ్లుంది బిడ్డా.

(బ్యాంకు అమ్మాయి ఒక్క క్షణం చూస్తుంది. మరో మాట మాట్లాడకుండా స్లిప్పు వెనక రాసి ముందుకు జరుపుతుంది. తెర మీద ఆ అక్షరాలు పెద్దగా కనిపించాలి: "ఎవరైనా ఫోన్‌లో బెదిరిస్తున్నారా?" సులోచన కళ్లలో నీళ్లు. తల ఊపుతుంది. బ్యాంకు అమ్మాయి బ్యాగులోంచి ఫోన్ తీసి కాల్ కట్ చేస్తుంది.)

బ్యాంకు అమ్మాయి: కట్ చేసిన అమ్మా. చూడండి, ఏం కాలేదు. ఎవ్వరూ రారు. కూర్చోండి, మంచినీళ్లు తాగండి. మీ బాబుకు ఫోన్ చేద్దాం.

స్వప్న: పెద్దమ్మ పైసలు దక్కాయి. కానీ అన్ని కౌంటర్ల దగ్గర ఇంత గమనించే మనిషి దొరకకపోవచ్చు. అందుకే ఆ కాల్‌ను మీరే కట్ చెయ్యాలి. మధ్యలో ఫోన్ పెట్టేస్తే మర్యాద కాదనుకోకండి. "మాట్లాడుతుంటే పెట్టేస్తే ఏమనుకుంటారో" అని మనవాళ్లు ఆగుతారు. వాడేమన్నా అనుకోనీ! పెట్టేసి కొడుక్కో, బిడ్డకో, పక్కింటావిడకో చెప్పండి. "ఎవరికీ చెప్పొద్దు" అన్నవాడి గురించి అందరికీ చెప్పాలి.

దృశ్యం 3

(చకచకా మారే బొమ్మలు. రకరకాల ఫోన్లు మోగుతుంటాయి.)

దొంగ గొంతు: మీ కరెంటు బిల్లు కట్టలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు లైన్ కట్ చేస్తున్నాం. ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి.

స్వప్న: చెయ్యకండి. బిల్లు మీద అనుమానం ఉంటే మీ ఊరి లైన్‌మన్‌నే అడగండి.

దొంగ గొంతు: ఆర్మీ ఆఫీసర్ని. మీ పై పోర్షన్ కిరాయికి తీసుకుంటా. అడ్వాన్స్ పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి.

స్వప్న: డబ్బు మీకు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కానింగూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే.

దొంగ గొంతు (పిల్లవాడి ఏడుపు): తాతా, నేనే! యాక్సిడెంట్ చేసిన. పోలీసులు పట్టుకున్నరు. నాన్నకు చెప్పకు. 40 వేలు పంపు.

స్వప్న: అచ్చం మనవడి గొంతే. ఇప్పుడు కంప్యూటర్‌తో ఎవరి గొంతునైనా తయారు చేస్తున్నారు. మా తాత దానికొక ఉపాయం పెట్టాడు. ఎవరు ఏడ్చుకుంటూ ఫోన్ చేసినా ముందు ఒకటే అడుగుతాడు.

మొగిలి తాత: మన బర్రె పేరేందిరా?

(అటువైపు నిశ్శబ్దం. కాల్ కట్.)

స్వప్న: మీ ఇంట్లోవాళ్లకే తెలిసిన ఇలాంటి ప్రశ్న ఒకటి పెట్టుకోండి. ఆ తర్వాత మీ దగ్గర ముందునుంచీ ఉన్న మనవడి నంబరుకు మీరే ఫోన్ చెయ్యండి.

దృశ్యం 4

(పరకాల దగ్గరి పల్లె. మొగిలి తాత ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మి వచ్చాడు. డబ్బు ఖాతాలో పడింది. వాట్సాప్‌లో ఒక ఫైలు. తెర మీద పేరు: PM-Kisan.apk)

స్వప్న: ఇంత హుషారు మనిషి కూడా ఇక్కడ చిక్కాడు. ఎందుకంటే ఈ ఫైలు వచ్చింది ఊళ్లో తెలిసినాయన నంబరు నుంచి. ఆయన ఫోన్‌లో ముందే చేరిన దొంగ యాప్, ఆయనకు తెలియకుండానే అందరికీ పంపింది. ఫైలు పేరు చివర apk అని ఉంటే అది ఫొటో కాదు, కాగితం కాదు, ఒక యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేసి, అడిగిన పర్మిషన్లన్నీ ఇస్తే మీ మెసేజ్‌లు, ఓటీపీలు దొంగకు కనిపిస్తాయి. చలాన్ అనీ, పెళ్లి పత్రిక అనీ, బ్యాంకు కేవైసీ అనీ కూడా వస్తాయి. పంపింది మీ సొంత తమ్ముడైనా తెరవకండి.

(ఫోన్‌లో వరుసగా రెండు మెసేజ్‌లు: 49,000 పోయాయి. 13,000 పోయాయి. తాత ఫోన్ జేబులో పెట్టుకుని గడప మీద కూలబడతాడు.)

రాజవ్వ: ఏమైందయ్యా? బువ్వ పెట్టిన, రావేంది?

మొగిలి తాత: ఆకలైతలేదు.

రాజవ్వ: ముఖం చూస్తనే తెలుస్తుంది. చెప్పు.

(తాత చెబుతాడు. వినయ్ ఇంట్లోంచి పరుగున వస్తాడు.)

వినయ్: నీకెన్నిసార్లు చెప్పిన తాతా! ఎందుకు నొక్కినవ్?

(తాత తల దించుకుంటాడు. బొమ్మ ఆగుతుంది.)

స్వప్న: తమ్ముడూ, ఆగు. ఈ మాట పిల్లలందరికీ చెబుతున్నా. ఇలా తిడతారనే భయంతోనే పెద్దవాళ్లు నోరు విప్పరు. వాళ్లు దాచిన ఆ కొన్ని గంటల్లో డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో ఖాతాకు పాకిపోతుంది. నువ్వు అరిచే ఈ నిమిషం కూడా దొంగకే లాభం. ముందు నెట్ ఆపు. ఇంకో ఫోన్ అందుకో.

(వినయ్ తాత ఫోన్‌లో నెట్ ఆపేస్తాడు. తన ఫోన్‌లో నొక్కుతాడు. తెర నిండా అంకెలు: 1930.)

1930 సిబ్బంది: చెప్పండి, ఏం జరిగింది?

వినయ్: మా తాత ఖాతాలోంచి 62 వేలు పోయినయి. అరగంట అయింది.

1930 సిబ్బంది: ఏ బ్యాంకు? ఖాతా నంబరు చెప్పండి. పైసలు పోయినట్టు వచ్చిన మెసేజ్‌లు తీయండి. ఒక్కోదాంట్లో 12 అంకెల నంబరు ఉంటుంది, నెమ్మదిగా చదవండి.

మొగిలి తాత (వణుకుతూ): సారూ, పత్తి పైసలు సారూ...

1930 సిబ్బంది: తొందరగానే చేశారు తాతా. టెన్షన్ పడకండి. డబ్బు ఎక్కడుందో చూసి అక్కడే ఆపించే ప్రయత్నం చేస్తాం.

స్వప్న: సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి రాత్రయినా పగలయినా చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. మొదటి గంటలో చేస్తే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ. ఒక రోజు దాటినా ఊరుకోకండి, చెయ్యండి. మీ బ్యాంకుకు కూడా చెప్పి ఖాతా, కార్డు ఆపించండి. ఆ తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు రాయొచ్చు. రాయరాకపోతే దగ్గరి పోలీస్ స్టేషన్‌కు పోండి, పాస్‌బుక్కు, ఆధార్ పట్టుకెళ్లండి. ఫోన్‌లో మెసేజ్‌లు ఏవీ చెరిపేయొద్దు. ముందు వాటిని ఫొటో తీసి పెట్టుకున్నాకే ఫోన్‌ను రీసెట్ చేయించండి.

తాత డబ్బులో 49 వేలు ఒక ఖాతాలో ఆగాయి. అవి తిరిగి వస్తాయి. 13 వేలు అప్పటికే ఎవరో తీసేశారు.

దృశ్యం 5

(కొన్ని రోజుల తర్వాత. తాత చేను గట్టు మీద ఉన్నాడు. కొత్త నంబరు నుంచి ఫోన్.)

దొంగ: సైబర్ క్రైమ్ ఆఫీసు నుంచి. మీ 62 వేలు దొరికాయి. వాపస్ కావాలంటే ముందు 5 వేలు ఫీజు కట్టాలి. ఒక లింకు పంపుతా.

స్వప్న: ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు దొంగలు ఒకరికొకరు అమ్ముకుంటారు. పోయిన పైసలు ఇప్పిస్తామని మళ్లీ వస్తారు. ఈ దెబ్బ మొదటిదానికంటే గట్టిగా తగులుతుంది, ఎందుకంటే మనిషి అప్పటికే ఆశ పెట్టుకుని ఉంటాడు. పోలీసులు పోయిన డబ్బు ఇవ్వడానికి ఫీజు తీసుకోరు.

మొగిలి తాత: ఏ ఠాణా మీది?

దొంగ: హైదరాబాద్ హెడ్డాఫీసు.

మొగిలి తాత: నా కేసు రాసుకున్న ఎస్సై సారు పరకాలల ఉన్నడు. నేను పొద్దుగాల పోయి ఆయననే అడుగుత.

(కట్ చేస్తాడు. వినయ్‌ను పిలుస్తాడు.)

మొగిలి తాత: ఒరే వినయ్, ఈ నంబరు సర్కారుకు చెప్పొచ్చంటివి గదా, ఏందది?

వినయ్: సంచార్ సాథీ అనే సర్కారు యాప్‌ల చక్షు అని ఉంటది తాతా. నంబరు చదువు, ఇప్పుడే ఎక్కిస్త.