మా బాపు ఖాతాలోని డబ్బు ఇప్పించాలని దరఖాస్తు

తేదీ: 20-04-2026
కాశిబుగ్గ, వరంగల్

బ్రాంచి మేనేజర్ గారికి,

నమస్తే సార్. నా పేరు బండారి రజిత. మీ బ్రాంచిలో సేవింగ్స్ ఖాతా (చివరి నాలుగు అంకెలు 4417) ఉన్న బండారి సమ్మయ్య గారి పెద్ద బిడ్డను. మా బాపు 2026 జనవరి 11న ఇంట్లోనే గుండెపోటుతో చనిపోయిండు. ఆయన ఖాతాకు నామినీ ఎవరూ లేరు. అందుకని వారసులుగా ఆ డబ్బు మాకు ఇప్పించాలని అమ్మ లచ్చవ్వ, నేను కలిసి ఈ దరఖాస్తు పెడుతున్నాం.

చివరిసారి పాస్‌బుక్ ప్రింట్ వేయించినప్పుడు సేవింగ్స్‌లో 2,36,418 రూపాయలు ఉన్నాయి. అదే ఖాతాకు కలిపి 1,50,000 రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, దాని గడువు 2027 ఆగస్టు. ఖాతాదారు చనిపోతే డిపాజిట్‌ను గడువుకు ముందే తీసుకున్నా జరిమానా కోత ఉండదు కాబట్టి దాన్ని కూడా ఇప్పుడే మూసి, ఇప్పటిదాకా అయిన వడ్డీతో కలిపి ఇవ్వండి. జనవరి 19న ఆ ఖాతాలో 6,200 రూపాయలు పడ్డాయి, అవి బాపు ఎనుమాముల మార్కెట్‌లో డిసెంబర్‌లో హమాలీ చేసిన కూలి బకాయి, ఆ 2,36,418లోనే ఉన్నాయి. ఇంకెవరి డబ్బో అనుకొని వెనక్కి పంపకండి సార్.

బాపు ఏటీఎం కార్డు మా దగ్గరే ఉంది, పిన్ తమ్మునికి తెలుసు. అయినా ఆయన పోయిన తర్వాత ఒక్క రూపాయి తీయలేదు, స్టేట్‌మెంట్ చూస్తే మీకే తెలుస్తుంది. ఆ కార్డు, మిగిలిన చెక్కుబుక్కు, పాస్‌బుక్, డిపాజిట్ రసీదు అన్నీ ఈ దరఖాస్తుతోపాటు మీకు అప్పగిస్తున్నాను.

ఏప్రిల్ 6న అమ్మను తీసుకొని బ్రాంచికి వస్తే, కౌంటర్ దగ్గర కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెమ్మన్నారు, ఇద్దరు జమానతుదారులను కూడా తెమ్మన్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు, ఆ రోజు గంటన్నర కూర్చొని ఉత్త చేతులతో ఇంటికి పోయినం. రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నామినీ లేకున్నా, వీలునామా లేకున్నా, వారసుల మధ్య గొడవ లేకపోతే 15 లక్షల లోపు మొత్తానికి కోర్టు సర్టిఫికెట్ గానీ జమానతు గానీ అడగకూడదు. మాది నాలుగు లక్షల లోపే. బాపు వీలునామా ఏదీ రాయలేదు, మా మధ్య తగువు లేదు, కోర్టులో ఏ కేసూ లేదు.

వారసులం నలుగురమే: అమ్మ, నేను, తమ్ముడు శ్రావణ్, చెల్లె స్వప్న. మా నాయనమ్మ బతికి ఉంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమెకూ సమాన వాటా వచ్చేది, కానీ ఆమె 2014లోనే చనిపోయింది, మీరు మళ్లీ అడగాల్సిన పని లేకుండా ఆమె మరణ ధ్రువపత్రం కూడా పెట్టాను. తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో మా నలుగురి పేర్లు ఉన్నాయి. తమ్ముడు, చెల్లె తమకు అభ్యంతరం లేదని సంతకం పెట్టిన పత్రాలు ఇచ్చారు. చెల్లె పెండ్లయి కరీంనగర్‌లో ఉంటుంది, అవసరమైతే వచ్చి మీ ముందు సంతకం పెడతానన్నది. అమ్మకు చదువు రాదు, వేలిముద్ర వేసింది, ఇద్దరు సాక్షులున్నారు.

ఒక్క విషయంలో నాకు టెన్షన్‌గా ఉంది, ముందే చెబుతున్నాను. పాస్‌బుక్‌లో పేరు 'బి. సమ్మయ్య' అని, గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఇచ్చిన మరణ ధ్రువపత్రంలో 'బండారి సమ్మయ్య, తండ్రి రాజయ్య' అని ఉంది. ఇద్దరూ ఒకరే. ఖాతాకు లింకైన ఆధార్, మరణ ధ్రువపత్రంలో రాసిన ఆధార్ నంబరు ఒకటే, పాత రేషన్ కార్డులోనూ తండ్రి పేరు అదే. ఇది చాలకపోతే ఇంకేం కావాలో ఒకేసారి కాగితం మీద రాసి ఇవ్వండి, అమ్మను నాలుగుసార్లు తిప్పలేను.

మీరిచ్చిన క్లెయిమ్ ఫారం నింపాను, నష్టపూచీ పత్రం మీద అమ్మ వేలిముద్ర, నా సంతకం ఉన్నాయి. మా నలుగురి ఆధార్ జిరాక్సులు ఉన్నాయి. ఒరిజినల్స్ అన్నీ వెంట తెచ్చాను, మీ ముందే సరిచూసి తిరిగి ఇవ్వండి.

మొత్తం డబ్బు మీ బ్రాంచిలోనే ఉన్న అమ్మ ఖాతాలో (చివరి అంకెలు 9032) వేయండి. నా వాటా కూడా అమ్మకే, ఫారంలో రాశాను. ఆ డబ్బు బాపు ముప్పై ఏండ్లు మిర్చి బస్తాలు, పత్తి బస్తాలు మోసి కూడబెట్టింది, అమ్మ మందులకు, ఇంటి ఖర్చుకు ఇప్పుడు అదొక్కటే ఆధారం.

కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో చెల్లించాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే బ్యాంకు రేటుకు 4 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలని అవే ఆదేశాల్లో ఉంది. నాకు ఆ వడ్డీ వద్దు సార్, డబ్బు టైముకు వస్తే చాలు. ఈ దరఖాస్తు రెండో ప్రతి మీద తేదీ వేసి, ముద్ర కొట్టి ఇవ్వండి.

ఇట్లు,
బండారి రజిత (సంతకం)
బండారి లచ్చవ్వ (ఎడమ బొటనవేలి ముద్ర)