కార్డులో రాయకుండా వదిలేసినవి

సార్,

ఇది కొంచెం పెద్ద మెయిల్. మారతహళ్ళి బ్రిడ్జి కింద సిగ్నల్ దగ్గర ఫోన్ తీసి చదవడం మీకు అలవాటు కదా, ఇది మాత్రం ఇంటికి వెళ్ళి చదవండి. టీమ్‌లో ఎవరినీ కాపీలో పెట్టలేదు.

శుక్రవారం మీకిచ్చే ఫేర్‌వెల్ కార్డు సోమవారం నుంచి నా డెస్క్ మీదే ఉంది. అందరూ రాసేశారు. ఒకరైతే 'బెస్ట్ మేనేజర్ ఎవర్' అని రాసి పక్కన మూడు హార్ట్ బొమ్మలు కూడా గీశారు, ఎవరో చేతిరాత చూస్తే మీకే తెలుస్తుంది. నేను రెండు సార్లు పెన్ను తీసి పెట్టేసి, చివరికి 'ఆల్ ది బెస్ట్ సార్' అని రాసి సంతకం పెట్టి పక్క సీటుకి తోసేశాను. అది చూసి 'ఈ అమ్మాయి ఇంకా అలక తీర్చుకోలేదు' అనుకుంటారని ఈ మెయిల్ రాస్తున్నాను. అలక కొంచెం ఉంది, లేదనను. కానీ అదొక్కటే అయితే ఇంత టైపు చేసేదాన్ని కాదు.

నేను చేరింది 2022 జూన్‌లో. మూడు నెలలకే సెప్టెంబరు వానలొచ్చి బెల్లందూరు మునిగింది, ఐటీ పార్కులకి జనం ట్రాక్టర్లెక్కి వెళ్ళిన ఫోటోలు టీవీలో చూసి మా అమ్మ కాకినాడ నుంచి గంటకోసారి ఫోన్ చేసేది. ఆ పొద్దున మీరు ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా ఫోన్ చేశారు. గ్రూపులో ఒక మెసేజ్ పడేస్తే పోయేది. నా పీజీలో కింద అంతస్తులోకి నీళ్ళొచ్చాయని చెబితే 'లాప్‌టాప్ సంగతి తర్వాత, ముందు ఆధార్ కార్డూ సర్టిఫికెట్లూ పైన పెట్టుకో' అన్నారు. ఊళ్ళో ఎవరూ తెలియని రోజుల్లో ఆ మాట నాకు ఎంత ఊరటో మీకు తెలియకపోవచ్చు. ఈ ఆఫీసులో అందరూ మిమ్మల్ని పేరు పెట్టే పిలుస్తారు, నాకు మాత్రం నోరు రాలేదు, అప్పటి నుంచీ 'సార్' అనే ఉండిపోయింది.

తర్వాత 2023 ఆగస్టు. ఆ మంగళవారం రాత్రి మీకూ గుర్తుండే ఉంటుంది. నేను ప్రొడక్షన్‌లో ఒక అప్‌డేట్ కొట్టాను, `WHERE`లో తేదీ షరతు పెట్టడం మర్చిపోయాను. నలభై వ్యాపారుల స్టేటస్ మారాల్సింది, తెర మీద `UPDATE 1840` అని వచ్చింది. డబ్బు ఇంకా బ్యాంకుకే వెళ్ళలేదు, మన టేబుల్లో మాత్రం అందరికీ `SETTLED` అయిపోయింది, అంటే పొద్దున పేమెంట్ ఫైల్‌లో వాళ్ళెవరూ ఉండరు. ఒంటిగంట పదికి వణుకుతూ మీకు ఫోన్ చేశాను. మీరు మొట్టమొదట అడిగింది 'భోంచేశావా?' అని. రెండోది 'ఇంకేం ముట్టుకోకు, ఆ జాబ్ ఆపు, వస్తున్నా' అని. ఆడిట్ టేబుల్లోంచి పాత స్టేటస్‌లు లాగి, వంద వందగా సరిచూసి వెనక్కి పెట్టేసరికి నాలుగున్నర దాటింది. మీరు ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఆ మర్నాడు రివ్యూలో పై వాళ్ళు 'ఎవరు రన్ చేశారు' అని సూటిగా అడిగారు. మీరు 'మా టీమ్ చేసింది. రెండో మనిషి చూడకుండా రన్ చేసే పద్ధతిని ఇన్నాళ్ళూ వదిలేసింది నేను' అన్నారు. మళ్ళీ అడిగారు, మళ్ళీ అదే మాట. నా పేరు మీ నోట్లోంచి రాలేదు. నేను మ్యూట్‌లో ఉండి ఏడ్చాను, ఆ సంగతి మీకు ఇప్పుడే చెబుతున్నాను.

ఆ సాయంత్రం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని నా `.psqlrc`లో `\set AUTOCOMMIT off` మీరే టైపు చేశారు. ముందు అదే షరతుతో `SELECT count(*)`, లెక్క కాగితం మీద రాసుకో, తర్వాత అప్‌డేట్, లెక్క కలిస్తేనే `COMMIT`, ఒక్కటి తేడా వచ్చినా `ROLLBACK`, ఆలోచించడం తర్వాత. పది సార్లు నాతో చేయించారు, స్కూల్లో ఎక్కాలు చెప్పించినట్టు. మొన్న చేరిన కుర్రాడికి నేనూ అలాగే చేయించాను, కాగితంతో సహా. వాడు విసుక్కున్నాడు, నేనూ అప్పుడు విసుక్కున్నాను లెండి.

మంచి ఇక్కడితో ఆపేస్తే ఈ మెయిల్ కార్డులో పట్టేసేది.

2024 సంక్రాంతి సంగతి పెద్దగా తీయను, ఒక్క ముక్క చెప్పి వదిలేస్తా. శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి 120 రోజుల ముందు పొద్దున ఎనిమిదింటికి కూర్చుని తీసుకున్న టికెట్, రెండు రోజుల ముందు 'రిలీజ్ ఉంది, ఎవరో ఒకరు ఉండాలి' అని క్యాన్సిల్ చేయించారు. సరే, ఎవరో ఒకరు ఉండాల్సిందే. భోగి రోజు మీ వాట్సాప్ స్టేటస్‌లో మంట ముందు మీ ఫోటో చూశాను. నేను ఆ టైములో మారతహళ్ళి ఆంధ్రా మెస్‌లో ఒక్కదాన్నీ పెసరట్టు తింటున్నాను. మీకు ఆ స్టేటస్ నాకు కనపడకుండా పెట్టాలని కూడా తోచలేదు, దానికే ఎక్కువ కోపం వచ్చింది.

అసలు సంగతి రీకన్సిలియేషన్ జాబ్. అది రాత్రంతా, ఐదు గంటలు నడిచేది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక్కో వరుసకీ ఒక్కో క్వెరీ కొడుతుండేది, నెలాఖరున పొద్దున తొమ్మిదైనా అయ్యేది కాదు. ఆ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నేను దాన్ని విప్పి మళ్ళీ కట్టాను. స్టేట్‌మెంట్ మొత్తం ఒక తాత్కాలిక టేబుల్లోకి ఎత్తి, యూటీఆర్ నంబరు మీద ఒకేసారి జాయిన్ చేసి, కలవనివి మాత్రమే పక్కకి తీసేలా. చదవడానికి రెండు లైన్లే, కానీ ఒక్కో బ్యాంకు యూటీఆర్ ఒక్కోలా పంపుతుంది, ఒకరు ముందు సున్నాలు మింగేస్తారు, ఒకరు వెనక ఖాళీ వదులుతారు, అవన్నీ పట్టుకోవడానికే రెండు నెలలు పట్టింది. చివరికి నలభై నిమిషాల్లో అయిపోయింది. మీరు నా డిజైన్ ప్రింటు తీసుకుని ఎర్ర పెన్నుతో పేజీ పేజీ దిద్దారు, మూడు చోట్ల నేను చూడని తప్పు పట్టుకున్నారు, అది మీ గొప్పే. ఆ కాగితాలు ఇప్పటికీ నా డ్రాయర్లో ఉన్నాయి.

సెప్టెంబరులో అందరి ముందూ మీరు దాని గురించి చెప్పారు. స్లైడ్‌లో 5 గంటలు, 40 నిమిషాలు, మధ్యలో బాణం గుర్తు. పై ఆయన 'చాలా బాగుంది, ఎవరు చేశారు ఇది' అని అడిగారు. మీరు 'మా టీమ్ చేసింది' అన్నారు.

ఏడాది కింద వాడిన మాటే సార్. అక్షరం మారలేదు. నేను మూడో వరుసలో కూర్చుని ఉన్నాను, పక్కనున్న అమ్మాయి నా మోచెయ్యి పొడిచి 'నీదే కదా' అంది. నేను తల ఊపాను.

కావాలని చేశారని నేను అనుకోవట్లేదు. చాలా రోజులు అనుకున్నాను, ఇప్పుడు అనుకోవట్లేదు. తప్పు జరిగినప్పుడు పేరు దాచడం మీకు అలవాటైపోయి, మెచ్చుకునే చోట కూడా అదే నోటికొచ్చిందేమో. అలవాటో కాదో గానీ ఏప్రిల్‌లో ప్రమోషన్ మాట వచ్చినప్పుడు మీరు నన్ను చిన్న మీటింగ్ రూమ్‌లోకి పిలిచి 'పనికి వంక లేదమ్మా, విజిబిలిటీ సరిపోలేదు, పై వాళ్ళకి నువ్వెవరో తెలియదు' అన్నారు. ఆ మాట అనేటప్పుడు మీరు వాటర్ బాటిల్ మూత తిప్పుతూ ఉన్నారు. తెలియకపోవడానికి కారణం ఆ గదిలో ఉన్న ఇద్దరికీ తెలుసు. నాకెలా తెలుస్తుంది మీకూ తెలుసని అంటారా? మూత అప్పటికే బిగిసి ఉంది, అయినా తిప్పుతూనే ఉన్నారు.

సెప్టెంబరులోనూ, ఆ రోజూ నేను అడగలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటా. అడగాల్సింది మిమ్మల్ని, నేను మాత్రం గేటు బయట టీ బండి దగ్గర వన్ బై టూ తాగుతూ దొరికినవాళ్ళందరి దగ్గరా మిమ్మల్ని తిట్టాను. వారం వారం వన్ ఆన్ వన్‌లో మీరు 'ఏమైనా ఉందా' అంటే 'ఏం లేదు సార్' అనేదాన్ని. ఎనిమిది నెలలు 'ఏం లేదు' అన్నాక, మీరు వెళ్ళే వారం ఇంత పొడుగు రాయడం న్యాయం కాదనే అనిపించింది, అందుకే సోమవారం నుంచి ఇవాళ బుధవారం దాకా దీన్ని డ్రాఫ్ట్‌లోనే ఉంచాను. కానీ మీరు హైదరాబాద్ వెళ్ళిపోయాక ఇది ఎప్పటికీ వెళ్ళదు, నాకు నేను బాగా తెలుసు.

మీరు క్షమాపణ చెప్పాలని కాదు. ఏప్రిల్ అయిపోయింది, లెటర్లూ వచ్చేశాయి, ఇప్పుడు ఎవరేమన్నా నా గ్రేడు మారదు. ఒక్కటి అడుగుతా, అడిగే హక్కుందో లేదో గానీ. అక్కడ మీకింద ఇంకో టీమ్ ఉంటుంది, అందులో నాలాగా మూడో వరుసలో కూర్చుని తల ఊపే పిల్లో పిల్లాడో ఒకరు ఉంటారు. తప్పు జరిగిన రోజు వాళ్ళ పేరు ఇప్పటిలాగే దాచండి. బాణం గుర్తు స్లైడ్ వేసిన రోజు మాత్రం చెప్పండి. ఆ స్లైడ్ కింద చిన్న అక్షరాల్లో పెట్టినా చాలు.

నాన్నగారి డయాలసిస్ కోసమే వెళ్తున్నారని మొన్న లిఫ్ట్‌లో చెప్పారు. నోటీసు పీరియడ్ తొంభై రోజులూ ఆ టెన్షన్‌తోనే పని చేశారన్నమాట, మాకెవరికీ తెలియనివ్వలేదు. పెద్దాయనకి త్వరగా నెమ్మదించాలి. పాపకి కొత్త స్కూల్లో జూన్‌లో కన్నడ ఉండదు కదా, తెలుగు రాయడం రాదని మీరు బెంగపడుతున్నారు, ఆరు నెలల్లో వచ్చేస్తుంది, మా అక్క కొడుక్కి అలాగే వచ్చింది.

నిన్న కేటీలో మీరు రీకన్సిలియేషన్ రన్‌బుక్ నాకు అప్పజెప్పారు. ఓనర్ అన్న చోట ఇన్నాళ్ళూ మీ పేరే ఉంది. అది మార్చి నా పేరు పెట్టాను. మీ పేరు చెరిపేయడానికి చెయ్యి రాలేదు, కింద 'డిజైన్ రివ్యూ' అని ఒక వరుస చేర్చి అక్కడ పెట్టాను. ఆ మూడు తప్పులు మీరు పట్టుకున్నవే కదా.

శుక్రవారం లంచ్‌కి వస్తున్నాను. అమ్మ కాకినాడ కాజా పంపింది, మీ డబ్బా విడిగా కట్టి ఉంచా. లంచ్ ముందే మీ బ్యాగ్‌లో పెట్టేసుకోండి, బల్ల మీద ఉంచితే టీమ్ మిగల్చదు.

మీ టీమ్‌లో కిటికీ పక్క సీటు అమ్మాయి