ఉద్యోగం పోయాక మా ఇంటి ప్రణాళిక

నెల్లూరు, 4 అక్టోబరు 2025

రొయ్యల శుద్ధి కర్మాగారంలో ఏడేళ్ల నాలుగు నెలలుగా చేస్తున్న నాణ్యతా పర్యవేక్షకుడి ఉద్యోగం, ఆగస్టు 27న అమెరికా సుంకం 50 శాతానికి చేరి ఆర్డర్లు పడిపోవడంతో సెప్టెంబరు 30న ముగిసింది. నేనూ నా భార్యా కూర్చుని లెక్కలు చూసుకుని దీన్ని రాసుకున్నాం.

ఈ రోజు బ్యాంకులో ఉన్నది, నోటీసు జీతం 52,000తో కలిపి, 1,70,000 రూపాయలు. మూల వేతనం 26,000 కాబట్టి ఏడేళ్లకు గ్రాట్యుటీ 1,05,000 రావాలి. చట్టప్రకారం 30 రోజుల్లో చెల్లించాల్సి ఉన్నా, ఖాతాలో పడేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని నిర్ణయించాం. నవంబరు మొదటి వారానికీ రాకపోతే కార్మిక శాఖకు దరఖాస్తు పెడతాను.

అద్దె 9,000, ఇంటి సరుకులు 10,000, పిల్లల ఫీజు 6,000, బండి వాయిదా 3,400, అమ్మ మందులు 2,600, కరెంటు, గ్యాస్, ఫోన్లు 2,500, చీటీ 5,000 కలిపి నెలకు 38,500 తప్పదు. బీమాకు 38,000 పక్కన పెడితే మిగిలేది 1,32,000, అంటే మూడున్నర నెలలు కూడా నిండదు. గ్రాట్యుటీ వస్తే ఆరు నెలలు గడుస్తాయి. చీటీని ఇప్పుడే పాడితే పాటలో ఎక్కువ సొమ్ము వదులుకోవాలి గనుక జనవరి దాకా పాడం. పీఎఫ్ ముట్టుకోము, బంగారం తాకట్టు పెట్టము. దీపావళికి కొత్త బట్టలు పిల్లలకు మాత్రమే.

బీమా విషయంలో ఆలస్యం పనికిరాదు, ఎందుకంటే కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమా నా ఆఖరి పనిదినంతోనే ఆగిపోయింది. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారితే పాత వ్యాధుల నిరీక్షణ కాలంలో గడిచిన ఏళ్లు కలిసివస్తాయి; కొత్తగా తీసుకుంటే, ప్రమాదాలకు తప్ప, మొదటి 30 రోజులు జబ్బులకు రక్షణ ఉండదు. కాబట్టి సోమవారమే పాత పాలసీ ధ్రువపత్రం తీసుకుని దరఖాస్తు చేస్తాను. నలుగురికీ ప్రీమియం 24,000. సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై జీఎస్టీ లేకపోవడం కొంత ఊరట. టర్మ్ పాలసీ 14,000 గడువులోపే కడతాం. అమ్మకు ఊళ్లో విడిగా బియ్యం కార్డు ఉంది, ఆస్పత్రిలో చేరాల్సి వస్తే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చూపించుకోవచ్చు.

అక్టోబరు 15 లోపు రిలీవింగ్ లేఖ, అనుభవ పత్రం చేతికి రావాలి. ఆ లోగా పాత మేనేజర్లు, ఎగుమతి ఏజెంట్లు కలిపి ఇరవై మందితో మాట్లాడతాను. నెలాఖరు దాకా నెల్లూరు, ఒంగోలు పరిసరాల్లోనే వెతుకుతాను. నవంబరులో భీమవరం, కాకినాడ, విశాఖ ప్లాంట్లకు, వాటితోపాటు పాల, మసాలా దినుసుల పరిశ్రమలకు కూడా దరఖాస్తు చేస్తాను. డిసెంబరు 1 నాటికి ఏదీ కుదరకపోతే 40,000కైనా ఒప్పుకుంటాను. దూరంలో దొరికితే పిల్లల చదువు మధ్యలో ఆగకుండా వేసవి దాకా నేనొక్కడినే వెళ్తాను.

ప్రతి ఆదివారం సాయంత్రం ఖర్చుల పుస్తకం నా భార్య, దరఖాస్తుల పుస్తకం నేను ముందుంచుకుని సరిచూసుకుంటాం.